కాకిని తీశాక మిగలాల్సిన ఆకాశం

విశాఖపట్నం రుషికొండ ఒడ్డున, సూర్యుడు ఇంకా పైకి రాకముందు తీసిన ఫోటో అది. కాబోయే దంపతులు సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. వెనక ఆకాశం కింద నారింజ రంగులో మొదలై, పైకి పోయేకొద్దీ లేత గులాబీ అయి, ఆ పైన నీలంలో కలిసిపోయింది. ఒక్క మబ్బు తునక లేదు. అమ్మాయి తల్లిగారు ఫోటోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, "అంతా బావుంది బాబూ, కానీ పిల్ల తలమీద కాకి తన్నేట్టుంది. అదొక్కటీ తీసేయండి" అన్నారు. చూస్తే నిజమే. జడలోని మల్లెపూలకు కాస్త పైన, రెక్కలు చాచిన కాకి ఒకటి మసగ్గా పడింది. రిసెప్షన్ హాలు గుమ్మంలో పెట్టే రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ప్రింటులో అలాంటిది ఉండకూడదని ఆవిడ పట్టుపట్టడంలో ఆశ్చర్యం లేదు.

మా స్టూడియోలో కొత్తగా చేరిన కుర్రాడు రెండు నిమిషాల్లో దాన్ని తీసేశాడు. కంప్యూటర్ తెరమీద మాకెవరికీ ఏమీ తేడా కనబడలేదు. ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చాక గోడకి ఆనించి నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే, అమ్మాయి తలపైన తడి వేలు అద్దినట్టు గుండ్రటి మరక! కాకి పోయింది గానీ కాకి ఉన్న చోటు పోలేదు.

ఫోటోలో గుంపులోని మనిషిని తీసేయడం కంటే, ఖాళీ ఆకాశంలోంచి చిన్న పిట్టను తీసేయడమే కష్టమని ఈ పని చేసేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు తెలిసొస్తుంది. చెట్ల మధ్యో జనం మధ్యో అతుకు వేస్తే, చుట్టూ ఉన్న గజిబిజి దాన్ని కప్పేస్తుంది. ఆకాశంలో ఆ ఆసరా ఉండదు. సున్నం వేసిన గోడలోంచి మేకు పీకి చిల్లు పూడ్చినప్పుడు రెండు విషయాలు కలవాలి. రంగు కలవాలి, పైన చేత్తో తడిమితే తెలిసే గరుకూ కలవాలి. రంగు సరిగ్గా కుదిరినా గరుకు కుదరకపోతే, పక్కనుంచి వెలుతురు పడగానే పూడ్చిన చోటు పట్టుబడిపోతుంది. ఆకాశమూ అంతే. అందులోనూ రెండే ఉన్నాయి. ఒకటి, పైనుంచి కిందికి నెమ్మదిగా మారే రంగు వాలు. రెండోది, ఆ వాలుమీద ఇసక చల్లినట్టు ఉండే సన్నటి నూగు. దీన్నే స్టూడియోల్లో గ్రెయిన్ అనో నాయిస్ అనో అంటాం. మరక పడిందంటే చాలాసార్లు వాలు తప్పినట్టు. చారలు పడ్డాయంటే నూగు పోయినట్టు.

వాలు సంగతి ముందు చూద్దాం. ఈ ఫోటో వెడల్పు ఆరు వేల పిక్సెళ్ళు, ఎత్తు నాలుగు వేలు. అందులో ఆకాశం సుమారు 2,600 వరుసలు. ఫోటోషాప్‌లో ఐడ్రాపర్‌తో కొలిస్తే, ఆకుపచ్చ చానల్ విలువ ఆకాశం పై అంచున 84, సముద్రం దగ్గర 188. అంటే 2,600 వరుసల్లో 104 మెట్లు ఎక్కిందన్నమాట, దాదాపు పాతిక వరుసలకు ఒక మెట్టు. మా కుర్రాడు క్లోన్ స్టాంప్ వాడాడు. అది ఒక చోట ఉన్న పిక్సెళ్ళను ఉన్నవున్నట్టు తెచ్చి ఇంకో చోట అతికిస్తుంది. అతను కాకికి నూటయాభై వరుసలు పైనున్న ఆకాశాన్ని తీసుకున్నాడు. అక్కడికీ ఇక్కడికీ ఆరు మెట్ల తేడా. చుట్టూ ఉన్నదానికన్నా ఆరు మెట్లు నల్లగా ఉన్న ముక్కను తెచ్చి పెట్టాడు.

255లో ఆరు ఎంత అనిపిస్తుంది. కానీ కన్ను వెలుతురును అంకెల్లో కొలవదు, పక్కపక్కనున్న వాటి తేడాను పట్టుకుంటుంది. పైగా ఆ తేడాను ఉన్నదానికన్నా పెంచి చూపిస్తుంది. ఒక బూడిద రంగు పక్కన దానికన్నా కాస్త ముదురు రంగు పెడితే, అవి కలిసే గీత దగ్గర లేత వైపు ఇంకా లేతగా, ముదురు వైపు ఇంకా ముదురుగా కనిపిస్తుంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 1865లో దీన్ని వివరించాడు. ఇప్పటికీ వాటిని మాక్ చారలనే అంటారు. నున్నటి ఆకాశంలో రెండు మెట్ల తేడా కూడా గీత కట్టినట్టు కనబడటానికి ఇదే కారణం. మేం ఆ తర్వాత ఆకాశం నిండుగా రావాలని కాంట్రాస్ట్ పెంచాం. దాంతో ఆరు మెట్ల తేడా పదికి పైనే అయింది.

నూగు కథ ఇంకా ఆసక్తికరమైనది. మామూలు జేపెగ్ ఫోటో ఒక్కో రంగును 256 మెట్లలోనే దాస్తుంది. మన ఆకాశంలో పాతిక వరుసలకు ఒక మెట్టు అనుకున్నాం కదా. అంటే లెక్కప్రకారం పాతిక వరుసల వెడల్పున్న పట్టీలు ఒకదానికింద ఒకటి మెట్లమెట్లుగా కనబడాలి. మరి కెమెరా ఇచ్చిన ఫోటోలో ఎందుకు కనబడవు? నూగు వల్ల. 120వ మెట్టు నుంచి 121వ మెట్టుకు మారే చోట, కెమెరా సెన్సర్‌లోని సహజమైన అలజడి వల్ల కొన్ని పిక్సెళ్ళు 118, కొన్ని 123, కొన్ని 121 అవుతాయి. మెట్టు అంచు చెదిరిపోతుంది. దూరం నుంచి కన్ను వాటి సగటును మాత్రమే చూస్తుంది. ఆ సగటు నున్నగా మారుతుంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివిన లారెన్స్ రాబర్ట్స్ 1962లో ఇదే సూత్రాన్ని బొమ్మలకు పనిగట్టుకుని వర్తింపజేసి ప్రచురించాడు. మెట్లు బాగా తగ్గించి దాచే బొమ్మకు ముందుగా కాస్త అలజడి కలిపితే చారలు కనబడవని చూపించాడు. నూగు అనగానే అది పోగొట్టాల్సిన మురికి అనుకుంటాం. ఆకాశం విషయంలో మాత్రం అది చారలను కప్పే ముసుగు.

ఆ ముసుగును మా కుర్రాడు తీసేశాడు. అతికించిన ముక్క అంచు కనబడుతోందని, చుట్టూ కలిపి కొంత మేర బ్లర్ కొట్టాడు. బ్లర్ చేస్తే పక్కపక్క పిక్సెళ్ళ సగటు మిగులుతుంది, నూగు చచ్చిపోతుంది. ఆ కొద్ది చోటా అద్దంలా నున్నగా అయి, అందులో మెట్లు బయటపడ్డాయి. ప్రింటును దగ్గరగా చూస్తే మరక లోపల రెండు మూడు సన్నటి చారలు స్పష్టంగా కనబడ్డాయి.

నూగు పోవడానికి బ్లరే కొట్టనక్కర్లేదు. చాలామందికి తెలియని దారి ఇంకోటుంది, మెత్తటి అంచున్న బ్రష్. అంచు మెత్తగా ఉంటే అతుకు బాగా కలుస్తుందని అందరం నేర్చుకునే మొదటి పాఠం. ఆకాశంలో అదే తిరగబడుతుంది. మెత్తటి అంచు దగ్గర పాత ఆకాశం సగం, తెచ్చిన ఆకాశం సగం కలుస్తాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు నూగుల్ని సగం సగం కలిపితే వాటి ఎగుడుదిగుళ్ళు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. నూగు బలం దాదాపు డెబ్బై శాతానికి పడిపోతుంది. వాలు సరిగ్గా కుదిరినా, అతుకు చుట్టూ ఉంగరంలా ఒక నున్నటి వలయం మిగిలేది ఇందుకే.

రెండోసారి నేనే కూర్చున్నాను. అదృష్టం కొద్దీ ఆ రోజు రా ఫైళ్ళు కూడా తీసి పెట్టుకున్నాం. దాన్ని 16 బిట్లలో తెరిచాను. ఫోటోషాప్ ఆ పద్ధతిలో ఒక్కో రంగుకు 32,769 మెట్లు ఇస్తుంది. పాత లెక్కలో 104 మెట్లున్న చోట ఇప్పుడు 13 వేలకు పైగా ఉన్నాయి. 2,600 వరుసలకు అవి కావలసినదానికన్నా ఎక్కువే. చేతిలో జేపెగ్ మాత్రమే ఉన్నా `Image > Mode > 16 Bits/Channel` చేయడం మంచిదే. పోయిన మెట్లు తిరిగిరావు గానీ, ఆ తర్వాత చేసే ప్రతి మార్పులో కొత్తగా మెట్లు పోకుండా ఉంటాయి. గింప్ వాడేవాళ్ళకు ఇదే పని `Image` మెనూలో ఉంటుంది.

అసలు ఫోటో మీద చెయ్యి పెట్టకుండా పైన ఒక ఖాళీ లేయర్ వేసుకుని, హీలింగ్ బ్రష్ తీసుకుని, `Sample` దగ్గర `Current & Below` పెట్టాను. ఈ పనిముట్టు 2002లో ఫోటోషాప్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే పెరెజ్, గాంగ్నే, బ్లేక్ అనే ముగ్గురు పరిశోధకులు ఇలాంటి అతుకులకు వెనకుండే గణితాన్ని ఒక వ్యాసంలో విడమరిచి చెప్పారు. సారాంశం ఇదీ. క్లోన్ స్టాంప్ రంగును తెస్తుంది. హీలింగ్ బ్రష్ రంగును తీసుకురాదు, అక్కడి పిక్సెల్‌కూ పక్క పిక్సెల్‌కూ ఉన్న తేడాను మాత్రమే తెస్తుంది. అంటే అరువు తెచ్చుకునేది నూగే. రంగు ఎంత ఉండాలన్నది అతుకు అంచు చుట్టూ ఉన్న ఆకాశం నిర్ణయిస్తుంది. వంకరగా వంచిన తీగ చట్రాన్ని సబ్బు నీళ్ళలో ముంచి తీస్తే, లోపలి పొర ఏ వైపూ గతుకు లేకుండా అంచుల ఎత్తుపల్లాలకు తగ్గట్టు సర్దుకుంటుంది కదా. లోపలి రంగు కూడా అలాగే సర్దుకుంటుంది.

ఈ పోలిక గుర్తుంటే హీలింగ్ బ్రష్ ఎక్కడ మోసం చేస్తుందో కూడా తెలిసిపోతుంది. అంచు తీగలో ఒక్క చోట మురికి ఉంటే పొరంతా అటు లాగుతుంది. మన కాకి ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు డెబ్బై పిక్సెళ్ళే. కానీ అది కదులుతున్న కాకి, పైగా ఫోకస్‌లో లేదు. నల్లటి ఆకారం చుట్టూ పదీ పన్నెండు పిక్సెళ్ళ మేర బూడిద రంగు నీడ ఉంది. షార్పెనింగ్ జరిగిన జేపెగ్‌లో అయితే దాని చుట్టూ సన్నటి తెల్ల అంచు కూడా ఉంటుంది. కంటికి కనబడే కాకిమీదే బ్రష్ తిప్పితే, అంచు ఆ నీడమీద పడి లోపలంతా మసి పులుముకుంటుంది. అప్పుడు చాలామంది దానిమీదే మళ్ళీ మళ్ళీ బ్రష్ తిప్పుతారు. తిప్పేకొద్దీ నూగు అరిగిపోతుంది తప్ప మసి పోదు. వెనక్కి వచ్చి, బ్రష్ సైజు పెంచి, ఒక్క దెబ్బలో తీయడమే దారి. నేను నూటపది పిక్సెళ్ళ బ్రష్ పెట్టుకున్నాను. అంచు గట్టిదే. వాలు కలిపే పని లెక్కే చూసుకుంటుంది కాబట్టి మెత్తటి అంచుతో పనిలేదు. మెత్తటి అంచే కావాలనుకుంటే `Mode` దగ్గర `Replace` పెట్టాలి. ఆ ఏర్పాటు అంచుల్లో నూగు పోకుండా ఉండటానికే ఉంది.

నూగు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? రంగు లెక్క చూసుకుంటుంది కదా అని ఎక్కడి నుంచైనా తెస్తే కుదరదు. కెమెరా నూగు వెలుతురును బట్టి మారుతుంది. ముదురు నీలంలో ఒకలా, నారింజలో ఒకలా ఉంటుంది. కాబట్టి అంతే వెలుతురున్న చోటే వెతకాలి. అది సరిగ్గా అడ్డంగా పక్కనే ఉంటుందనుకోవడం పొరపాటు. ఈ ఫోటోలో సూర్యుడు ఎడమ వైపు రాబోతున్నాడు. లెన్సు వల్ల మూలలు కొంచెం నల్లబడ్డాయి. సమాన వెలుతురు గీత ఎడమవైపు పైకి, కుడివైపు కిందికి వంగి ఉంది. ఐడ్రాపర్‌ను `31 by 31 Average` మీద పెట్టి, కాకి పక్కన విలువ చూసి, అదే విలువ వచ్చేదాకా కుడివైపు జరిగాను. నాలుగొందల పిక్సెళ్ళ అవతల, నలభై వరుసలు కింద దొరికింది. `Point Sample` పెడితే ఈ కొలత కుదరదు, నూగు వల్ల అంకె ప్రతి పిక్సెల్‌కీ ఎగురుతూ ఉంటుంది. మరీ దగ్గర నుంచి తెచ్చుకున్నా చిక్కే. నూగులో ఒక చిన్న గుత్తి రెండుసార్లు పక్కపక్కనే కనబడితే కన్ను పట్టేస్తుంది.

కొందరు నూగును అరువు తెచ్చుకోకుండా `Add Noise` తో తయారు చేస్తారు. అది చివరి దారి. కంప్యూటర్ పుట్టించే నూగు పిక్సెల్‌కి పిక్సెల్ వేరుగా, సన్నగా ఉంటుంది. కెమెరా నూగు రెండు మూడు పిక్సెళ్ళు కలిసి గుత్తులుగా ఉంటుంది. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చిన ఫోటోలో గుత్తులు ఇంకా పెద్దవి. తప్పనిసరైతే వేరే లేయర్‌లో వేసి, అర పిక్సెల్ బ్లర్ ఇచ్చి, గరుకు సైజు కలిసేదాకా చూసుకోవాలి.

ఇక ఈ ఫోటోలో నిజంగా ఇబ్బంది పెట్టింది మల్లెపూలు. కాకి ఎడమ రెక్క కొస పూలకు ముప్పై పిక్సెళ్ళ దూరంలోనే ఉంది. నూటపది పిక్సెళ్ళ బ్రష్ అక్కడ తిప్పితే అంచు పూల తెలుపుమీదా జుట్టు నలుపుమీదా పడుతుంది, ఆకాశంలోకి పాల మరకలా పాకుతుంది. అందుకని ముందు ఒక సెలెక్షన్ గీశాను. ఆకాశం వైపు కాకికన్నా బాగా పెద్దది, పూల వైపు మాత్రం వాటి అంచుకు రెండు పిక్సెళ్ళు ఇవతలే ఆగేలా. సెలెక్షన్ ఉంటే దాని బయటి రంగులు లోపలికి పాకవు. ఎగిరే వెంట్రుకలు రెక్కమీదుగా అడ్డం వచ్చి ఉంటే ఇదీ చాలదు. అప్పుడు సమాన వెలుతురు చోటు నుంచి చిన్న క్లోన్ స్టాంప్‌తో వెంట్రుకల పక్కన సన్నటి ఆకాశం పట్టీ వేసి, కాకికీ జుట్టుకూ మధ్య దడి కట్టినట్టు చేసుకుని, ఆ తర్వాత మిగతా కాకిని హీల్ చేయాలి.

తీశాక తెరమీద బాగుందని నమ్మలేదు. ఒకసారి మోసపోయాం కదా. పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి, అక్కడి ఆకాశం విలువలు ఉన్న 110 నుంచి 150 వరకు మధ్యభాగాన్ని నిట్టనిలువుగా సాగదీసి 0 నుంచి 255 దాకా చేశాను. కాంట్రాస్ట్ ఆరింతలకు పైనే పెరుగుతుంది. ఫోటో అసహ్యంగా మారిపోతుంది గానీ దాచిందేదీ దాగదు. దాన్ని రెండు దూరాల్లో చూడాలి. పాతిక శాతానికి తగ్గించి చూస్తే వాలు తప్పిన మరకలు తేలతాయి, నూరు శాతంలో చూస్తే నూగు తేడా తేలుతుంది. నా అతుకులో మరక లేదు గానీ, కుడి అంచున చంద్రవంకలా సన్నటి బూడిద గీత ఒకటి కనబడింది. రెక్క కొస నీడ ఇంకా నాలుగు పిక్సెళ్ళు బయటికి ఉందన్నమాట. ఆ లేయర్ చెరిపేసి, ఇంకొంచెం పెద్ద బ్రష్‌తో మళ్ళీ మొదటి నుంచి చేశాను. అతుకుమీద అతుకు వేయలేదు. చూడటం అయ్యాక ఆ కర్వ్స్ లేయర్‌ను ఆపేశాను.

అదే ఫోటోషూట్‌లో సాయంత్రం తీసిన ఇంకో ఫ్రేములో విమానం పడింది. విమానం బొమ్మ చిన్నదే, వెనక వదిలిన పొగ గీతే పెద్దది. గీత ఎక్కడ అంతమవుతుందో మామూలుగా కనబడదు, విచ్చుకుని ఆకాశంలో కలిసిపోతుంది. దానికీ ఇదే కర్వ్స్ లేయర్ ముందే వేసుకుని నిజమైన వెడల్పు చూసుకోవాలి. నేను అనుకున్నదానికి రెండింతలు తేలింది. పొగ గీత వాలుకు ఏటవాలుగా పోతుంది కాబట్టి, ఒక్క చోటి నూగు దాని పొడవంతా సరిపోదు. చిన్నచిన్న ముక్కలుగా, ఒక్కో ముక్కకు దాని సమాన వెలుతురు చోటు వెతుక్కుంటూ తీయాలి. గీత ఫ్రేము అంచు దాటి పోయినప్పుడు అంచు దగ్గర అతుకుకు ఒక వైపు ఆధారం ఉండదు. రంగు అక్కడ కొద్దిగా జారుతుంది. వీలైతే ఆ అంచు కొంచెం కోసేయడమే మేలు. ఇక పత్రికలో వార్తగా వేసే ఫోటో అయితే కాకినీ విమానాన్నీ తాకకూడదు. పెళ్ళి ఫోటో ఇంటివాళ్ళది, వాళ్ళ ఇష్టం.

ల్యాబ్‌కు మళ్ళీ జేపెగే పంపాలి. 16 బిట్ల నుంచి 8కి దించేటప్పుడు మెట్లు తగ్గుతాయి. ఆకాశంలో నూగు ఒక మెట్టులో సగమైనా మిగిలి ఉంటే చారలు రావు, మనం దాన్ని కాపాడుకున్నాం కాబట్టి రాలేదు. క్వాలిటీ 12 పెట్టాను. జేపెగ్ బొమ్మను ఎనిమిది పిక్సెళ్ళ గళ్ళుగా విడగొట్టి, సైజు తగ్గించాల్సి వస్తే ముందుగా సన్నటి నూగునే పారేస్తుంది. సేవ్ చేసిన ఫైలును మూసి, మళ్ళీ తెరిచి, కర్వ్స్ పరీక్ష ఇంకోసారి చేశాను.

ప్రింటు వెళ్ళిన మర్నాడు ఆ తల్లిగారు ఫోన్ చేశారు. "బాబూ, ప్రింటు చాలా బావుంది. మా తమ్ముడికి వాట్సాప్‌లో పంపితే ఆకాశంలో చారలు కనబడుతున్నాయంటున్నాడు. కాకి తీసిన చోటేనా?" ఆయన ఫోన్‌లో తెర ఫోటో తీయించి తెప్పించుకున్నాను. చారలు పై అంచు నుంచి సముద్రం దాకా ఆకాశమంతా సమానంగా పరుచుకుని ఉన్నాయి. తలపైన ప్రత్యేకంగా ఏమీ లేదు. అతుకు తప్పైతే అక్కడ ఒక్కచోటే కనబడాలి. వాట్సాప్ ఫైలును కుదించి నూగంతా ఊడ్చేసింది. అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపించాను. సాయంత్రానికి ఆయన నుంచి జవాబొచ్చింది, చారలు పోయాయని. కాకి గురించి ఆయన అడగలేదు. అక్కడ కాకి ఉండేదని ఆయనకెవరూ చెప్పలేదట.